గొంతులో ఒక పక్కే వాపు, నోరు తెరుచుకోవట్లేదు – ఏ యాంటీబయాటిక్‌కి మార్చాలి?

రాజాం కుర్రోడు · గురువారం రాత్రి 7:40

మా తమ్ముడికి 23 ఏళ్ళు. ఆదివారం నుంచి గొంతు నొప్పి, జ్వరం. సోమవారం ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు అజిత్రోమైసిన్ 500 రోజుకొకటి చొప్పున మూడు రోజులకిచ్చారు. నిన్నటి నుంచి పొద్దునా సాయంత్రం జెంటామైసిన్ ఇంజక్షన్ కూడా వేస్తున్నారు. జ్వరం 101, 102 మధ్యే ఉంది. ఇప్పుడు నొప్పంతా కుడి పక్కకే వచ్చేసింది, కుడి చెవిలోకి పోటు పొడుస్తంది. నిన్నటి దాకా గంజి తాగాడు, ఈరోజు నీళ్ళు కూడా ఒగ్గేశాడు. ఉమ్ము మింగలేక గిన్నె పక్కన పెట్టుకున్నాడు. మాట ముద్దగా వస్తంది, నోట్లో ఏదో పెట్టుకుని మాటాడినట్టు. నోరు పట్టుమని తెరవలేకపోతున్నాడు. సెల్‌ఫోన్ లైటేసి చూద్దామంటే ఏటీ కనబడలేదు.

రేపు ఇంజక్షన్ మారుస్తామంటున్నారు. ఏ మందుకి మారిస్తే మంచిదో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పలాస మందుల కొట్టు · రాత్రి 7:58

అజిత్రో ఇలాంటి వాటికి సరిగ్గా పని చెయ్యదు, జెంటామైసిన్ అసలే కాదు. గాలి లేనిచోట పెరిగే సూక్ష్మజీవులు ఉంటాయి గొంతులో. వాటికి అమాక్సిసిలిన్-క్లావులనేట్, తోడుగా మెట్రోనిడజోల్ కావాలి. ఈ రెండూ ఐదు రోజులు గట్టిగా వాడితే వాపు లాగేస్తుంది. కౌంటర్ దగ్గర చూసే కేసుల్లో సగం ఇలాగే తగ్గుతాయి. రేపు పొద్దున్నే మొదలుపెట్టించండి.

---

బొబ్బిలి మాస్టారు · రాత్రి 8:05

బాబూ, ఇది గొంతులో గడ్డ. పెద్దవాళ్ళు దీన్ని పండనిచ్చేవారు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో రెండు గంటలకోసారి పుక్కిలిస్తే పండి, తనంతట తనే పగిలి చీము పోతుంది. తొందరపడి కోయించకండి.

---

ఈఎన్‌టీ, విజయనగరం · రాత్రి 8:22

రాజాం బాబుగారూ, ముందు మీకు. మందు మార్చడానికి రేపటిదాకా ఆగకండి. ఈ రాత్రికే ఈఎన్‌టీ డాక్టరు చూసే చోటికి తీసుకెళ్ళండి. రాజాం నుంచి శ్రీకాకుళం గానీ విజయనగరం గానీ, ఏది తొందరగా చేరగలిగితే అది. రాత్రి డ్యూటీలో ఈఎన్‌టీ ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే మళ్ళీ ఇంకోచోటికి తిరగక్కర్లేదు.

మీరు రాసినవాటిలో నాలుగు విషయాలు ఒకేవైపు చూపిస్తున్నాయి. నొప్పి రెండు పక్కల నుంచి ఒక పక్కకి చేరింది. అదే పక్క చెవిలో పోటు. ఉమ్ము మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం. అన్నిటికన్నా ముఖ్యం దవడ పట్టేయడం. మామూలు టాన్సిల్స్ వాపులో గొంతు ఎంత మండినా నోరు తెరుచుకుంటుంది. మనిషి తన మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకోగలడు. మీ తమ్ముడి నోట్లో ఎన్ని వేళ్ళు పడతాయో ఒకసారి చూడండి. ఒకటి, ఒకటిన్నర అయితే టాన్సిల్ వెనక చీము పట్టి, ఆ మంట పక్కనే ఉన్న దవడ కండరానికి పాకిందని అర్థం.

టాన్సిల్ చుట్టూ పలచటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొరకీ గొంతు కండరానికీ మధ్య సందులో చీము చేరుతుంది, ఎక్కువగా టాన్సిల్ పైకొసకి దగ్గర్లో. అక్కడ చీము నిండితే మెత్తని అంగిలి ఒక పక్క ఉబ్బి, కొండనాలుక రెండో పక్కకి జరుగుతుంది. డాక్టరు లైటు వేసి మొదట చూసేది ఆ కొండనాలుకనే.

పలాసవారు సూక్ష్మజీవుల గురించి చెప్పింది నిజమే. కానీ మందు ఎంత సరైనదైనా నిలిచిన చీములోకి చాలినంతగా చేరదు. మందుని మోసుకెళ్ళేది రక్తం. చీము మధ్యలో రక్తనాళాలు ఉండవు, చుట్టూ గోడ మాత్రమే ఉంటుంది. లోపల సూక్ష్మజీవులు కిక్కిరిసి ఉన్నా పెరగడం దాదాపు ఆపేసి ఉంటాయి, పెన్సిలిన్ జాతి మందులేమో పెరుగుతున్నవాటినే బాగా చంపుతాయి. జెంటామైసిన్ సంగతి ఇంకా కష్టం. అది సూక్ష్మజీవి లోపలికి వెళ్ళాలంటే ఆక్సిజన్ కావాలి. చీములో ఆక్సిజన్ ఉండదు, పైగా పులుపు. కాబట్టి నాలుగు రోజులుగా తగ్గకపోవడానికి మందు డోసు చాలకపోవడం కారణం కాదు. చీము బయటికి రావాలి.

మాస్టారూ, పుక్కిలించడం నొప్పికి కాస్త హాయినిస్తుంది, కాదనను. కానీ పండేదాకా ఆగడం ప్రమాదం. అది నోట్లోకే పగులుతుందని హామీ లేదు. నిద్రలో పగిలితే చీము ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బయటివైపుకి పాకితే మెడ లోతుల్లోకి దిగుతుంది.

---

నాగావళి గట్టు · రాత్రి 8:41

మత్తు డాక్టర్ని. దారిలో చూసుకోవలసినవి రెండు ముక్కల్లో చెప్తాను. కూర్చోబెట్టే తీసుకెళ్ళండి, వెల్లకిలా పడుకోబెట్టకండి. ఉమ్ము బయటికే వదిలేయమనండి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కూతలాంటి శబ్దం వచ్చినా, మెడ కింద గట్టిగా వాచినా, మెడ తిప్పలేకపోయినా ఈఎన్‌టీ క్లినిక్ వెతకొద్దు, నేరుగా ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళండి. నిద్ర పట్టడానికని ఎవరైనా ఇంజక్షన్ వేస్తామంటే వద్దనండి. అసలే దారి ఇరుకైన గొంతు, నోరు తెరుచుకోని మనిషి. అలాంటివాడు మత్తులోకి జారితే ట్యూబ్ వేయడం మాకే చాలా కష్టం.

---

రాజాం కుర్రోడు · రాత్రి 8:50

ఒక వేలు మాత్రమే పడతంది మేడమ్. కారు మాటాడాం, బయల్దేరుతున్నాం. కూత శబ్దం ఏటీ లేదు. అక్కడ ఏటి చేస్తారో చెప్తారా? కోస్తారంటే వాడు భయపడిపోతన్నాడు.

---

ఈఎన్‌టీ, విజయనగరం · రాత్రి 9:15

చాలామందికి కోత కూడా అక్కర్లేదు, సూదితో లాగేస్తారు. ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం పోతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు సెలైన్ పెడతారు. ఈరోజంతా నీళ్ళు కూడా తాగని మనిషికి అదే పెద్ద ఊరట. నొప్పికి ఇంజక్షన్, చాలాచోట్ల డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఒక డోసు కూడా ఇస్తారు. మొదటి రోజు నొప్పి, దవడ బిగువు తగ్గడానికి అది పనికొస్తుంది. షుగర్ ఉంటే ముందే చెప్పాలి, దానివల్ల షుగర్ పెరుగుతుంది.

తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి తల వెనక్కి ఆనిస్తారు. 10 శాతం లిగ్నోకైన్ స్ప్రే కొట్టి, ఉబ్బిన చోట పైచర్మంలో ఒకటి రెండు మిల్లీలీటర్ల మత్తు సన్నసూదితో ఇస్తారు. కొన్ని నిమిషాలు ఆగాలి, ఈ ఆగడం చాలామంది డాక్టర్లు తగ్గించేస్తారు. అప్పుడు 10 మిల్లీలీటర్ల సిరంజికి 18 గేజ్ సూది తగిలిస్తారు. సూది ప్లాస్టిక్ మూత కొసని కత్తిరించి మళ్ళీ సూదికే తొడుగుతారు, మొన ఒక సెంటీమీటరు మాత్రమే బయటికి కనబడేలా. ఇక చెయ్యి ఎంత జారినా సూది సెంటీమీటరుకి మించి దిగదు. ఈ జాగ్రత్త ఊరికే కాదు. మెదడుకి రక్తం మోసుకెళ్ళే పెద్ద నాళం టాన్సిల్‌కి వెనక, బయటివైపు, రెండు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే పోతుంది. అందుకే సూదిని నేరుగా వెనక్కే పోనివ్వాలి, చెంపవైపుకి వంచకూడదు.

కొండనాలుక మొదలు నుంచి అడ్డంగా ఒక గీత, టాన్సిల్ ముందున్న కండరపు మడత వెంబడి నిలువుగా ఒక గీత ఊహించుకుంటే అవి కలిసే చోటు, లేదా బాగా ఉబ్బి మెత్తగా తగిలే చోటు మొదటి పోటు. పిస్టన్ లాగుతూనే సూది దింపుతారు. చీము రాకపోతే దానికి సెంటీమీటరు కింద రెండో పోటు, అక్కడా లేకపోతే ఇంకో సెంటీమీటరు కింద మూడోది. టాన్సిల్ కండలోకే పొడిస్తే రక్తం తప్ప ఏమీ రాదు. చీము దొరికితే గదంతా తెలిసే దుర్వాసన. మామూలుగా రెండు నుంచి పది మిల్లీలీటర్ల దాకా వస్తుంది. వచ్చిన కొద్ది నిమిషాల్లోనే చాలామంది నోరు ఇంకాస్త తెరుస్తారు, సొంత ఉమ్ము మింగుతారు.

---

పలాస మందుల కొట్టు · రాత్రి 9:40

మేడమ్, మూడు పోట్లు పొడిచినా చీము రాకపోతే అప్పుడు మందే గదా దిక్కు? నేను చెప్పిన సగం మంది మందుతోనే తగ్గారంటే వాళ్ళకి చీము లేదనా?

---

ఈఎన్‌టీ, విజయనగరం · రాత్రి 10:05

మంచి ప్రశ్న వేశారు. చీము చేరకముందు ఒక దశ ఉంటుంది. టాన్సిల్ చుట్టూ ఉన్న కండంతా ఎర్రగా, గట్టిగా వాచి ఉంటుంది కానీ గుంట కట్టి ఉండదు. అప్పుడు మీరు చెప్పిన మందులే వైద్యం, అదీ నరంలోకి ఇస్తే మేలు. మీ కౌంటర్ దగ్గర తగ్గినవాళ్ళలో కొందరు ఈ దశలోవాళ్ళు, ఎక్కువమంది మామూలు గొంతునొప్పివాళ్ళు అయి ఉంటారు. దవడ పట్టేసి, కొండనాలుక పక్కకి జరిగినవాళ్ళు మాత్రం కారు.

సూదికి చీము రాలేదంటే చీము లేదని తీర్మానించకూడదు. టాన్సిల్‌కి బాగా వెనకనో కిందనో ఉంటే సూదికి అందదు. అందుకే చీము దొరకనివాళ్ళని చేర్చుకుని, నరంలోకి మందులిస్తూ 24 గంటలకి మళ్ళీ చూడాలి. తగ్గుముఖం పట్టకపోతే కాంట్రాస్ట్ ఇచ్చి సీటీ తీయాలి. ఇంటికి పంపి ఐదు రోజులకి రమ్మనడం మాత్రం తప్పు.

---

జనరల్ మెడిసిన్, శ్రీకాకుళం · రాత్రి 10:30

ఇక్కడ నాది కొంచెం వేరే మాట. చిన్న గుంట, నోరు బాగానే తెరుస్తున్నాడు, ఊపిరికి ఇబ్బంది లేదు, నీళ్ళు తాగగలడు అంటే నరంలోకి మందులు, ఒక డోసు స్టిరాయిడ్ ఇచ్చి ఒక రోజు చూడొచ్చని ఇప్పుడు కొందరు అంటున్నారు. అలా ఎంచినవాళ్ళలో సూది అవసరం లేకుండానే నయమైనవాళ్ళు ఉన్నారు. ప్రతివాడికీ సూది దించాలన్న నియమం అంత గట్టిది కాదని నా అభిప్రాయం. రాజాం అబ్బాయి విషయంలో మాత్రం మేడమ్ మాటే నాదీ. ఒక వేలు పట్టే నోరు, ఉమ్ము మింగలేని గొంతు ఆ చిన్నవాటి లెక్కలోకి రావు.

---

ఈఎన్‌టీ, విజయనగరం · రాత్రి 10:42

ఎంచుకోవడం సరిగ్గా జరిగి, రాత్రి రెండింటికి కూడా మళ్ళీ చూసే మనిషి వార్డులో ఉంటే ఒప్పుకుంటాను సార్. మన దగ్గర చాలామంది మూడు గంటల ప్రయాణం చేసి వస్తారు, వెళ్ళాక మళ్ళీ రాలేరు. దొరికే చీముని అలాంటివాళ్ళ గొంతులో వదిలి పంపడానికి నాకు మనసొప్పదు. దీని మీద మనిద్దరం ఒక మాట మీదికి రాకపోవచ్చు.

---

సిరిమాను వీధి అమ్మ · శుక్రవారం ఉదయం 6:50

మా పాపకి 8 ఏళ్ళు. ఈ ఏడాదిలో నాలుగుసార్లు టాన్సిల్స్ వచ్చాయి. ఇదంతా చదివి రాత్రి నిద్ర పట్టలేదు. పాపకి కూడా చీము పట్టకముందే తీయించేయమంటారా? ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడుతూనే ఉన్నాం, ఐనా మళ్ళీ వస్తున్నాయి.

---

ఈఎన్‌టీ, విజయనగరం · ఉదయం 7:30

అమ్మా, ఈ రెండూ వేరు. చీము పట్టడం ఎక్కువగా పదిహేను దాటినవాళ్ళలో, ఇరవైల్లో ఉన్నవాళ్ళలో చూస్తాం. ఎనిమిదేళ్ళ పిల్లకి చీము పడుతుందేమోనన్న భయంతో టాన్సిల్స్ తీయరు.

మళ్ళీ మళ్ళీ వచ్చేవాటికి తీయాలా వద్దా అన్నది లెక్క మీద తేలుతుంది. ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏటా ఐదేసిసార్లు, లేదా మూడేళ్ళు ఏటా మూడేసిసార్లు. పిల్లల మీద జరిగిన పరిశోధనతో 1984లో వచ్చిన లెక్క ఇది, ఇప్పటికీ ఇదే వాడతాం. అయితే "గొంతు నొప్పి వచ్చింది" అంటే చాలదు. గొంతు నొప్పితోపాటు 101 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, టాన్సిల్ మీద తెల్లటి పూత, మెడలో నొప్పిపుట్టే గడ్డలు, గొంతులో స్ట్రెప్ అనే సూక్ష్మజీవి ఉందా అని చూసే పరీక్ష పాజిటివ్, వీటిలో ఏదో ఒకటైనా ఉండాలి. అదీ డాక్టరు చూసి కాగితం మీద రాసి ఉండాలి. ముక్కు కారుతూ, దగ్గుతూ వచ్చే గొంతునొప్పి ఎక్కువసార్లు వైరస్‌దే. దానికి యాంటీబయాటిక్ వద్దు, అది ఈ లెక్కలోకీ రాదు. ఒక నోటుబుక్కు పెట్టి, వచ్చిన ప్రతిసారీ తేదీ, జ్వరం ఎంత, పూత ఉందా, జలుబు ఉందా, ఏ మందు ఎన్ని రోజులు, బడి ఎన్ని రోజులు పోయింది రాయండి. సగంమందికి రాయడం మొదలుపెట్టాకే అసలు సంఖ్య తక్కువని తెలుస్తుంది. ఏమీ చేయకుండానే మరుసటేడు తగ్గిపోయేవాళ్ళూ చాలామందే.

ప్రతిసారీ మందు వాడినా మళ్ళీ ఎందుకొస్తున్నాయన్నారు. టాన్సిల్ నున్నటి ఉండ కాదు, లోతైన గుంటలతో ఉంటుంది. ఆ గుంటల అడుగున సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని ఉంటాయి. మందు పైకి లేచిన జబ్బుని అణుస్తుంది, పొరని తుడిచిపెట్టలేదు. ఈసారి వచ్చినదాన్ని సుమారు ఒక రోజు ముందుగా తగ్గిస్తుందే తప్ప వచ్చేసారి రాకుండా ఆపదు.

---

జనరల్ మెడిసిన్, శ్రీకాకుళం · ఉదయం 7:55

దీన్ని చదివి ఎవరూ పిల్లలకి మందే వద్దనుకోకూడదు. స్ట్రెప్ గొంతునొప్పికి పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ పది రోజులు పూర్తిగా వాడించాలి. నొప్పి మూడో రోజే తగ్గిపోతుంది, కోర్సు మాత్రం రుమాటిక్ జ్వరం రాకుండా, గుండె కవాటాలు చెడకుండా. మన జిల్లాల్లో కవాటాలు చెడినవాళ్ళని ఇంకా చూస్తూనే ఉన్నాం. మూడో రోజు మాత్రలు ఆపేయడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. పాపకి ఇంతకుముందే కీళ్ళ నొప్పులు, గుండె జబ్బు అని ఎవరైనా చెప్పి ఉంటే ఈ లెక్కలన్నీ వదిలి నేరుగా డాక్టరుతో మాట్లాడండి.

---

సిరిమాను వీధి అమ్మ · ఉదయం 8:10

అలాంటిదేమీ లేదండి. నాలుగింట్లో రెండుసార్లు జలుబు, దగ్గు ఉన్నాయి, ఇప్పుడు గుర్తొస్తోంది. రాత్రిళ్ళు గురక మాత్రం బాగా పెడుతుంది.

---

ఈఎన్‌టీ, విజయనగరం · ఉదయం 8:20

అయితే గొంతునొప్పి లెక్కలో మీకున్నవి రెండే. గురక మాత్రం విడిగా చూడవలసిన సంగతి. నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీలుస్తుందా చూడండి. రెండు మూడు రాత్రులు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. ఊపిరి ఆగుతున్నట్టయితే టాన్సిల్స్ తీయడానికి అది వేరే కారణం, పైన రాసిన సంఖ్యలతో దానికి పని లేదు.

---

రాజాం కుర్రోడు · శనివారం మధ్యాహ్నం 1:15

అందరికీ దండాలు. గురువారం రాత్రి పదకొండున్నరకి సూదితో లాగారు. మొదటి పోటుకే 7 మిల్లీలీటర్ల చీము. పొద్దునకి నోరు రెండు వేళ్ళు తెరిచాడు, పాలు తాగాడు. నిన్న సాయంత్రం మళ్ళీ కొంచెం బిగిసినట్టుంటే ఈ పొద్దున మళ్ళీ చూసి ఇంకో 2 లాగారు. ఇప్పుడు జారుగా అన్నం తింటన్నాడు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ 10 రోజులకిచ్చారు. రెండోసారి చేరిందంటే మొదటిసారి సరిగ్గా తీయలేదనా?

ఇంకోటి. ఆరు వారాలయ్యాక టాన్సిల్స్ తీసేద్దామన్నారు. అవసరమా? వాడికి వీసా వచ్చింది, గల్ఫ్‌లో వెల్డరు పని, పిలుపు ఎప్పుడైనా రావచ్చు.

---

ఈఎన్‌టీ, విజయనగరం · శనివారం మధ్యాహ్నం 2:40

సంతోషం. రెండోసారి చేరడం తప్పు చేశారనడానికి గుర్తు కాదు. సూదితో లాగినవాళ్ళలో కొందరికి మర్నాడు మళ్ళీ లాగవలసి వస్తుంది. అందుకే 24 గంటలకి చూడాలన్నది. మూడోసారి కూడా చేరితే కోసి తెరవాలి. బ్లేడుకి కూడా సెంటీమీటరు మొన వదిలి టేపు చుట్టి చిన్న గాటు పెడతారు, లోపలికి సన్న ఫోర్సెప్స్ పోనిచ్చి తెరిస్తే గదులు గదులుగా ఉన్న చీమంతా ఒకేసారి వస్తుంది. నొప్పి ఎక్కువ, మళ్ళీ చేరడం తక్కువ. కొందరు డాక్టర్లు మొదటే కోస్తారు, అదీ తప్పు కాదు.

మందులు పదిరోజులూ వాడించండి. చీము తీసేశాక చుట్టూ మిగిలినదాన్ని అణిచేది అవే, ఇప్పుడు వాటికి దారి దొరికింది.

టాన్సిల్స్ గురించి ఒక మాట అడగాలి. ఇంతకుముందు ఇలా చీము పట్టిందా? గత రెండేళ్ళలో జ్వరంతో గొంతునొప్పి ఎన్నిసార్లు?

---

రాజాం కుర్రోడు · మధ్యాహ్నం 3:05

చీము ఇదే మొదలు. గొంతునొప్పి పోయినేడు రెండు, ఈ ఏడు ఇది కాక ఒకటి.

---

పలాస మందుల కొట్టు · మధ్యాహ్నం 3:20

ఒకసారి చీము పట్టిందంటే మళ్ళీ పడుతుంది, తీయించేయడమే మంచిదని మా దగ్గరికొచ్చే డాక్టర్లంతా అంటారు.

---

ఈఎన్‌టీ, విజయనగరం · మధ్యాహ్నం 4:00

ఒకప్పుడు అందరమూ అలాగే చెప్పేవాళ్ళం. కానీ మొదటిసారి చీము పట్టినవాళ్ళలో మళ్ళీ పట్టేది సుమారు పదిమందిలో ఒకరికి. మిగతా తొమ్మిదిమందికి ఆపరేషన్ అనవసరంగా చేసినట్టే. అంతకుముందు నుంచీ టాన్సిల్స్ తరచూ వచ్చేవాళ్ళకి ఆ అవకాశం ఎక్కువ. రెండోసారి చీము పడితే నేనైతే తీయిస్తాను. మీ తమ్ముడిది మొదటిసారి, గొంతునొప్పులు ఏడాదికి రెండు. వైద్యం లెక్క ప్రకారం ఆగి చూడవచ్చు.

పెద్దవాళ్ళకి ఆపరేషన్ తేలిక కాదు కూడా. బ్రిటన్‌లో తరచూ టాన్సిల్స్ వచ్చే 453 మంది పెద్దవాళ్ళని రెండు జట్లు చేసి చూశారు, 2023లో లాన్సెట్‌లో వచ్చింది. రెండేళ్ళలో గొంతు నొప్పితో గడిపిన రోజులు ఆపరేషన్ జట్టులో 23, మరో జట్టులో 30. లాభం ఉంది, కానీ ఆపరేషన్ అయినవాళ్ళలో 19 శాతం మందికి తర్వాత రక్తస్రావం అయింది. అందులో ఉన్నవాళ్ళు తరచూ బాధపడేవాళ్ళు, మీ తమ్ముడంత తక్కువ వచ్చేవాళ్ళు కారు.

ఐతే గల్ఫ్ సంగతి వేరే ఆలోచన. అక్కడ రెండోసారి పడితే సెలవు, ఖర్చు, భాష, చూసే దిక్కు, అన్నీ కష్టమే. మీ డాక్టరుగారు ఆ కారణంతో చెప్పి ఉంటే కాదనలేను. అడిగి తెలుసుకోండి. తీయించాలనుకుంటే లెక్క ఇలా వేసుకోండి. మంట పూర్తిగా చల్లారడానికి ఆరు వారాలు. ఆపరేషన్ తర్వాత మూడు వారాలు విమానం ఎక్కకూడదు, ఊరు దాటకూడదు. మొత్తం రెండు నెలలు పైమాటే. పిలుపు అంతకుముందే వస్తే ఆపరేషన్ చేయించుకుని పదో రోజున బయల్దేరడం అన్నిటికన్నా చెడ్డ దారి.

---

నాగావళి గట్టు · మధ్యాహ్నం 4:30

ఆరు వారాలు ఆగకుండా చీముతో ఉన్నప్పుడే టాన్సిల్ తీసేసే పద్ధతి కూడా ఉంది. చీమూ పోతుంది, టాన్సిలూ పోతుంది, రెండోసారి చేరే పని లేదు. నోరు తెరుచుకోని మనిషికి పూర్తి మత్తు ఇవ్వాలి కాబట్టి మా వైపు నుంచి భయమెక్కువ. సూదితో అయ్యే పనికి పెద్దవాళ్ళలో ఇది నేను ఇష్టపడను. కుర్చీలో కుదురుగా కూర్చోలేని చిన్నపిల్లలకి ఎలాగూ మత్తు తప్పదు. అప్పుడు తీసేయాలా, చీము మాత్రం తీయాలా అన్నది సర్జన్లు ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తారు.

---

రాజాం కుర్రోడు · సాయంత్రం 6:10

వాడు ఆగి చూద్దామంటున్నాడు. అమ్మ తీయించెయ్ అంటంది. పిలుపు ఎప్పుడో తేలితే గానీ తెమలదు. ఒకవేళ తీయిస్తే, ఆ రక్తం ఎలా వస్తుంది, ఎంతొస్తే పరిగెత్తాలి?

---

ఈఎన్‌టీ, విజయనగరం · సాయంత్రం 6:45

టాన్సిల్ తీసిన చోట తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు, గాయం మానే పొర. దాన్ని చూసి చీమనుకుని యాంటీబయాటిక్ కొనేవాళ్ళు ఉన్నారు, అక్కర్లేదు. ఐదో రోజు నుంచి పదో రోజు లోపు ఆ పొర ఊడుతుంది, రక్తం ఎక్కువగా అప్పుడే వస్తుంది. నొప్పికి భయపడి మింగడం మానేసినవాళ్ళకి గొంతు ఎండి ఇబ్బంది పెరుగుతుంది. కాబట్టి నొప్పి మాత్ర వేసుకుని, అరగంట ఆగి, మెత్తగా కలిపిన అన్నం తినాలి.

ఉమ్ములో సన్నటి గోధుమరంగు చార ఒకసారి కనబడితే ఐస్ నీళ్ళు పుక్కిలించి కూర్చుని చూడండి. తాజా ఎర్ర రక్తం అయితే చెంచాడైనా సరే బయల్దేరాలి, ఆగిపోయినా సరే. పెద్ద రక్తస్రావానికి ముందు ఇలా కొంచెం కనబడి ఆగడం ఉంటుంది. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లేపి, లైటు వేసి గొంతు చూడండి, రక్తాన్ని మింగేస్తున్నాడేమో. రాజాం నుంచి థియేటర్ ఉన్న ఆసుపత్రికి గంటకి పైగా పడుతుంది కాబట్టి, తీయిస్తే ఆ పదిరోజులూ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చుట్టాలింట్లో ఉంచితే మేలు.

---

బొబ్బిలి మాస్టారు · రాత్రి 7:30

పుక్కిలించమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను డాక్టరమ్మా. ఒక సందేహం. మా ఊళ్ళో వాళ్ళు ఇలా వస్తే చూడగానే పంపించడానికి నేను పట్టుకోవలసిన గుర్తు ఒక్కటి చెప్పండి.

---

ఈఎన్‌టీ, విజయనగరం · రాత్రి 7:50

మాస్టారూ, మూడు వేళ్ళు పెట్టుకోమనండి. గొంతు నొప్పి ఉండి మూడు వేళ్ళు పట్టకపోతే, ఆ రోజే పంపించండి.